డాలర్ ధర నుంచి దుకాణం ధర దాకా: దిగుమతి సరుకు అసలు ఖరీదు లెక్కగట్టడం ఎలా

చైనా నుంచి మొదటిసారి సరుకు తెప్పించినప్పుడు నేను వేసిన లెక్క కాగితం మీద మూడు లైన్లే. సప్లయర్ చెప్పిన డాలర్ ధర, ఆ రోజు గూగుల్‌లో కనిపించిన రూపాయి రేటు, దాని మీద కస్టమ్స్ డ్యూటీ. ఓడ కిరాయి చాలా తక్కువకే ఇస్తున్నారని సంబరపడి, దానికోసం కాస్త కలిపి ధర ఖాయం చేసి, సరుకు రాకముందే నలుగురు షాపువాళ్లకు మాట ఇచ్చేశాను. తీరా చెన్నైలో సరుకు దిగాక వచ్చిన లోకల్ చార్జీల బిల్లు ఓడ కిరాయి కంటే పెద్దది. మాట ఇచ్చాను కాబట్టి అదే ధరకు ఇచ్చాను, ఆ లాట్‌లో నాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు.

ఆ తర్వాత నుంచి ఆర్డర్ పెట్టకముందే ఒక్కో పీసు మా గోడౌన్‌లో దిగేసరికి ఎంత పడుతుందో లెక్క వేసుకుంటున్నాను. దీన్నే వ్యాపారంలో ల్యాండెడ్ కాస్ట్ అంటాం. ఆ లెక్క మొత్తం ఒక ఉదాహరణతో చెప్తాను. విజయవాడలో హోల్‌సేల్ హార్డ్‌వేర్ షాపు, చైనాలోని నింగ్బో పోర్టు నుంచి చెన్నైకి, అక్కడి నుంచి లారీలో మన ఊరికి. కంటైనర్ మొత్తం మనది కాదు, పదిమంది సరుకుతో కలిపి వచ్చే ఎల్‌సీఎల్. చిన్న వ్యాపారులు ఎక్కువగా ఇలాగే తెప్పిస్తారు, లెక్క తప్పేది కూడా ఎక్కువగా ఇక్కడే.

సరుకు రెండు రకాలు. ఒకటి నాలుగు పుట్టీ బ్లేడ్ల సెట్టు, ధర 1 డాలర్, 3,000 సెట్లు. రెండోది టైల్స్ కింద గమ్ము పరిచే పళ్లున్న తాపీ, ధర 1.50 డాలర్లు, 2,000 పీసులు. రెండూ చెరో 3,000 డాలర్లు, మొత్తం 6,000. కానీ బ్లేడ్ల సెట్లు ఒకదాని మీద ఒకటి చదునుగా సర్దుకుంటాయి కాబట్టి మొత్తం 3 ఘనపు మీటర్లలో పడతాయి. తాపీకి పైన పిడి ఉంటుంది, అట్టపెట్టెలో సగం ఖాళీయే, అందుకని అవి 6 ఘనపు మీటర్లు తింటాయి. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, ధర దగ్గరికి వచ్చేసరికి ఇదే కీలకం అవుతుంది. కింద వాడిన కిరాయిలు, డాలర్ రేట్లు లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. కిరాయిలు వారం వారం మారుతుంటాయి, మీ కొటేషన్లు మీరు వేసుకోండి.

ముందు సప్లయర్ చెప్పిన ధర ఎక్కడిదాకానో తేల్చుకోండి

"1 డాలర్" అన్నాడంటే అది ఫ్యాక్టరీ గేటు దగ్గర ధరా, ఓడ ఎక్కించేదాకా ధరా, మన పోర్టు దాకా ధరా? ఫ్యాక్టరీ గేటు ధరని ఎక్స్‌వర్క్స్ అంటారు, అక్కడి నుంచి పోర్టుకి లారీ, అక్కడి ఎగుమతి కాగితాలు అన్నీ మన నెత్తిన పడతాయి. ఓడ ఎక్కించేదాకా అయితే ఎఫ్‌ఓబీ. ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా కలిపి మన పోర్టు దాకా అయితే సీఐఎఫ్.

నేనైతే ఎఫ్‌ఓబీనే అడుగుతాను, కొత్తవాళ్లకీ అదే చెప్తాను. సీఐఎఫ్ వినడానికి సుఖంగా ఉంటుంది, ఓడ సంగతి వాళ్లే చూసుకుంటారు అనిపిస్తుంది. కానీ ఎల్‌సీఎల్‌లో ఓడలో సరుకు పంపే ఏర్పాట్లు చూసే అక్కడి ఫార్వర్డర్ కిరాయి బాగా తగ్గించి చూపించి, ఒక్కోసారి అసలు కిరాయే లేదని కూడా చెప్పి, ఆ తగ్గించిందంతా ఇక్కడ సరుకు దిగాక తన ఏజెంటు ద్వారా లోకల్ చార్జీల రూపంలో రాబడతాడు. ఫార్వర్డర్‌ని ఎంచుకున్నది సప్లయర్ కాబట్టి అప్పుడు మనకి బేరం ఆడే చోటు ఉండదు, డబ్బు కట్టకపోతే సరుకు విడిపించుకునే డెలివరీ ఆర్డర్, అంటే డీవో, ఇవ్వరు. నా మొదటి సరుకుకి జరిగింది ఇదే. ఎఫ్‌ఓబీ అయితే ఫార్వర్డర్‌ని మనమే పెట్టుకుంటాం, కిరాయి, ఇక్కడి చార్జీలు రెండూ ఒకే కాగితం మీద ముందే రాయించుకోవచ్చు. కొటేషన్ అడిగేటప్పుడు "చెన్నైలో నా చేతికి సరుకు వచ్చేదాకా ఘనపు మీటరుకి ఎంత, మొత్తం డీవోకి ఎంత" అని రాతపూర్వకంగా అడగండి. కేవలం కిరాయి చెప్పి ఊరుకునేవాడిని వదిలేయండి.

ఒకే సరుకుకి మూడు డాలర్ రేట్లు

కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. గూగుల్‌లో కనిపించే రేటు మీకు ఎక్కడా దొరకదు. మీ సరుకుకి పనిచేసే రేట్లు మూడు.

మొదటిది మీ బ్యాంకు రేటు. బయటికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు టీటీ సెల్లింగ్ రేటు వేస్తుంది, అందులో దాని లాభం కలిసి ఉంటుంది. చిన్న మొత్తాలకి బ్రాంచిలో వేసేది కార్డు రేటు, అది మార్కెట్ రేటు కంటే రూపాయి దాకా ఎక్కువ ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అడిగితే తగ్గిస్తారు, డబ్బు పంపే రోజు ఉదయమే ఫోన్ చేసి రేటు మాట్లాడుకోండి. దీనికి తోడు ప్రతి ట్రాన్స్‌ఫర్‌కి స్విఫ్ట్ చార్జీ, మధ్యలో వేరే బ్యాంకు కోసుకునేది, వాటి మీద జీఎస్టీ.

మన ఉదాహరణలో 30 శాతం అడ్వాన్స్, అంటే 1,800 డాలర్లు, డాలర్ 86 ఉన్నప్పుడు పంపాం: రూ.1,54,800. మిగతా 4,200 డాలర్లు సరుకు ఓడెక్కాక, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ చూసి పంపేసరికి రేటు 88 అయింది: రూ.3,69,600. రెండుసార్లకీ కలిపి బ్యాంకు చార్జీలు రూ.3,600. అన్నీ కలిపి రూ.5,28,000. దీన్ని 6,000తో భాగిస్తే డాలర్ మనకి సరిగ్గా రూ.88 పడింది. ఆర్డర్ పెట్టిన రోజు మనసులో ఉన్నది 86.

రెండోది కస్టమ్స్ రేటు. డ్యూటీ లెక్కకి కస్టమ్స్ వాళ్లు మీ బ్యాంకు రేటుని చూడరు. వాళ్లది వేరే రేటు, నెలకు రెండుసార్లు కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో ప్రకటిస్తారు, అందులో దిగుమతికి ఒక కాలమ్, ఎగుమతికి ఒక కాలమ్ ఉంటాయి. దిగుమతి కాలమ్ ఎప్పుడూ కాస్త ఎక్కువ. మీరు సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన రోజున ఏ రేటు అమల్లో ఉంటే అదే మీకు వర్తిస్తుంది. మన ఉదాహరణలో అది 88.50 అనుకుందాం.

మూడోది ఫార్వర్డర్ రేటు. ఓడ కిరాయి డాలర్లలో చెప్పి, బిల్లు రూపాయల్లో వేసేటప్పుడు వాళ్ల సొంత రేటు వేస్తారు, అది బ్యాంకు కంటే ఎక్కువే ఉంటుంది. మనకి 90 వేశారు అనుకుందాం. ఘనపు మీటరుకి 30 డాలర్ల చొప్పున 9 ఘనపు మీటర్లకి 270 డాలర్లు, అంటే రూ.24,300.

ఇక్కడే ఇంకో మాట. ఎల్‌సీఎల్‌లో కిరాయి ఘనపు మీటరు లేదా టన్ను, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. మన సరుకు రెండున్నర టన్నులు కూడా లేదు, కాబట్టి 9 ఘనపు మీటర్ల మీదే. అదే నట్లు, బోల్టులు తెప్పిస్తే బరువు మీద వేస్తారు. ప్యాకింగ్ లిస్టు రాగానే ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసుకోండి.

డ్యూటీ లెక్క: ఏది ఖర్చు, ఏది తిరిగొచ్చే డబ్బు

ముందు హెచ్‌ఎస్ కోడ్, అంటే సరుకు ఏ రకమో చెప్పే కస్టమ్స్ నంబరు. మన సరుకు చేతి పనిముట్లు, 8205 కిందికి వస్తుంది. దాని మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం. మీ సరుకు ఏదైనా, ఆర్డర్‌కి ముందే కస్టమ్స్ బ్రోకర్‌తో (ఇప్పటికీ అందరం సీహెచ్‌ఏ అనే అంటాం) కోడు, ఆ రోజు రేటు, యాంటీ డంపింగ్ డ్యూటీ ఏమైనా ఉందా, బీఐఎస్ సర్టిఫికెట్ కావాలా అన్న నాలుగూ రాయించుకోండి. బీఐఎస్ తప్పనిసరి అయిన సరుకు అది లేకుండా వస్తే డ్యూటీ కట్టినా బయటికి రాదు, పోర్టులో అద్దె మాత్రం రోజూ పెరుగుతూ పోతుంది.

డ్యూటీ వేసేది ఎఫ్‌ఓబీ విలువ మీద కాదు, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద. సరుకు 6,000, కిరాయి 270, కలిపి 6,270 డాలర్లు, కస్టమ్స్ రేటు 88.50 చొప్పున రూ.5,54,895. ఇన్సూరెన్స్ ప్రీమియం రూ.1,105 కలిపితే రూ.5,56,000. దీన్ని అసెసబుల్ వాల్యూ అంటారు.

కిరాయి, ఇన్సూరెన్స్ కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి. కిరాయి ఎంతో తేల్చలేకపోతే కస్టమ్స్ వాళ్లు నిబంధన ప్రకారం ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతం కిరాయిగా వేసుకుంటారు, ఇన్సూరెన్స్‌కి 1.125 శాతం. మన కేసులో అసలు కిరాయి 270 డాలర్లయితే, కాగితం లేకపోతే వాళ్లు వేసేది 1,200 డాలర్లు. ఒక్క ఇన్వాయిస్ లేనందుకు అంత తేడా మీద డ్యూటీ కట్టాలి.

ఇక రూ.5,56,000 మీద 10 శాతం బేసిక్ డ్యూటీ రూ.55,600. సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ అనేది సరుకు విలువ మీద కాదు, ఆ డ్యూటీ మీద 10 శాతం, అంటే రూ.5,560. ఈ రెండూ విలువకి కలిపితే రూ.6,17,160, దాని మీద 18 శాతం ఐజీఎస్టీ రూ.1,11,089. మొత్తం కట్టేది రూ.1,72,249, అంటే విలువలో 30.98 శాతం.

ఈ 31 శాతం చూసి చాలామంది మొత్తం ఖర్చులో కలిపేస్తారు. అది తప్పు. మీరు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉంటే ఐజీఎస్టీ రూ.1,11,089 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, మీరు అమ్మేటప్పుడు వసూలు చేసే జీఎస్టీలోంచి తగ్గించుకుంటారు. దాన్ని ఖర్చులో కలిపితే మీ ధర అనవసరంగా పెరిగి, పక్క షాపువాడు అదే సరుకు మీకంటే తక్కువకి అమ్ముతూ ఉంటే ఎలా అమ్ముతున్నాడో అర్థం కాక టెన్షన్ పడతారు. బేసిక్ డ్యూటీ, సర్‌చార్జ్ మాత్రం తిరిగి రావు, ఆ రూ.61,160 మాత్రమే ఖర్చు. అదే కాంపొజిషన్ స్కీములో ఉంటే క్రెడిట్ అసలు లేదు, ఐజీఎస్టీ కూడా పూర్తి ఖర్చే. కాంపొజిషన్‌లో ఉండి దిగుమతి సరుకు మీద పోటీ పడటం అందుకే కష్టం.

క్రెడిట్ రావాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ జీఎస్టీ నంబరు సరిగ్గా పడాలి. డ్యూటీ కట్టాక తర్వాతి నెల జీఎస్టీఆర్-2బీలో ఆ ఎంట్రీ కనిపించిందో లేదో చూసుకోండి, కనిపించకపోతే వెంటనే సీహెచ్‌ఏని పట్టుకోండి. అప్పటిదాకా లక్షకి పైగా డబ్బు ఇరుక్కుని ఉంటుంది.

కొందరు ఇన్వాయిస్ తక్కువకి వేయించమని సలహా ఇస్తారు. వినకండి. మీకు నిజంగా ఖర్చయ్యే డ్యూటీ 11 శాతమే. దానికోసం సరుకు జప్తు, జరిమానా దాకా తెచ్చుకోవడం, బ్యాంకులో పంపిన డబ్బుకీ బిల్ ఆఫ్ ఎంట్రీకీ పొంతన లేక ఏళ్ల తరబడి వివరణలు ఇచ్చుకోవడం ఎందుకు?

ఓడ దిగాక అయ్యే ఖర్చులు

ఇక్కడ అన్నీ జీఎస్టీ లేకుండా రాస్తున్నాను, ఎందుకంటే దానికీ క్రెడిట్ ఉంది. చెన్నైలో కంటైనర్ విప్పి సరుకు వేరుచేసే సీఎఫ్‌ఎస్ చార్జీలు ఘనపు మీటరుకి రూ.3,000 చొప్పున రూ.27,000. చూశారా, చైనా నుంచి ఓడలో వచ్చినదానికి రూ.24,300, కంటైనర్‌లోంచి బయటికి తీయడానికి రూ.27,000. డెలివరీ ఆర్డర్ రూ.4,735, సీహెచ్‌ఏ ఫీజు రూ.9,000. చెన్నై నుంచి విజయవాడకి పార్ట్ లోడు లారీ రూ.13,500, మన దగ్గర హమాలీ రూ.1,800.

ఇంకా స్టిక్కర్లు. ప్యాకెట్‌లో అమ్మే దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎక్కడ తయారైంది, నెల, ఎంఆర్‌పీ లాంటి వివరాలు ఉండాలి, తూనికలు కొలతల శాఖ నిబంధన అది. వీలైతే మన డిజైన్ పంపి ఫ్యాక్టరీలోనే అంటించమనండి. ఇక్కడ అంటిస్తే పీసుకి రూపాయి చొప్పున రూ.5,000 అనుకుందాం.

ఆలస్యమైతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ గడువు దాటితే మొదటి మూడు రోజులు రోజుకి రూ.5,000, ఆ తర్వాత రోజుకి రూ.10,000 కస్టమ్స్‌కి కట్టాలి. సీఎఫ్‌ఎస్‌లో ఫ్రీ రోజులు అయిపోతే అద్దె అదనం. మనలాంటి 9 ఘనపు మీటర్ల సరుకుకి వారం ఆలస్యమైతే మొత్తం లాభంలో దాదాపు మూడో వంతు పోతుంది. అందుకే ఓడ రాకముందే ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులు సీహెచ్‌ఏకి పంపి, మూడింటిలోనూ పెట్టెల సంఖ్య, బరువు ఒకేలా ఉన్నాయో లేదో చూడమనండి. మేము ఆగిపోయింది ఎప్పుడైనా ఇలాంటి చిన్న తేడాకే.

ఖర్చుని పీసుల మీద పంచడం

మొత్తం కూడితే: సరుకు రూ.5,28,000, తిరిగిరాని డ్యూటీ, ఇన్సూరెన్స్, డీవో, సీహెచ్‌ఏ కలిపి రూ.76,000, ఓడ కిరాయి, సీఎఫ్‌ఎస్, లారీ, హమాలీ కలిపి రూ.66,600, స్టిక్కర్లు రూ.5,000. మొత్తం రూ.6,75,600.

సులువైన దారి దీన్ని 6,000 డాలర్లతో భాగించడం. డాలర్‌కి రూ.112.60 వస్తుంది. అంటే బ్లేడ్ల సెట్టు రూ.112.60, తాపీ రూ.168.90. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఇందులో బ్లేడ్ల సెట్టు తాపీ కిరాయి మోస్తోంది.

విలువని బట్టి పడే ఖర్చుని విలువ మీద, చోటుని బట్టి పడే ఖర్చుని చోటు మీద పంచాలి. డ్యూటీ, ఇన్సూరెన్స్, కాగితాల ఖర్చు రూ.76,000 విలువ మీద పోతుంది. రెండు రకాలూ చెరో 3,000 డాలర్లు కాబట్టి చెరి సగం, రూ.38,000. కిరాయిల రూ.66,600ని 9 ఘనపు మీటర్లతో భాగిస్తే ఘనపు మీటరుకి రూ.7,400. బ్లేడ్లకి మూడు కాబట్టి రూ.22,200, తాపీలకి ఆరు కాబట్టి రూ.44,400. (ఓడ కిరాయి మీద పడే డ్యూటీని కూడా చోటు మీద పంచితే ఇంకా కచ్చితం, కానీ తేడా పైసల్లోనే ఉంటుంది, వదిలేయొచ్చు.)

ఇప్పుడు బ్లేడ్లకి 2,64,000 + 38,000 + 22,200 + 3,000 = రూ.3,27,200, సెట్టుకి రూ.109.07. తాపీలకి 2,64,000 + 38,000 + 44,400 + 2,000 = రూ.3,48,400, పీసుకి రూ.174.20. తాపీ మనం అనుకున్నదానికంటే రూ.5.30 ఎక్కువ, బ్లేడ్ల సెట్టు రూ.3.50 తక్కువ. మొత్తం ఎటూ ఒకటే కదా అనిపించొచ్చు. కానీ మార్కెట్లో ఏమవుతుందంటే, తక్కువ ధర పెట్టిన తాపీలు ముందు ఖాళీ అవుతాయి, ఎక్కువ ధర పెట్టిన బ్లేడ్లు మూలన ఉండిపోతాయి. మళ్లీ ఆర్డర్ పెట్టేటప్పుడు బాగా పోతున్నాయని తాపీలే ఇంకా ఎక్కువ తెప్పిస్తారు. రెండో లాట్‌లో లాభం ఎందుకు తగ్గిందో లెక్కలో ఎక్కడా కనపడదు.

పాడైన సరుకు, కట్టిన వడ్డీ

ఇనుప సరుకు ఓడలో రెండు మూడు వారాలు ఉంటే కంటైనర్ లోపల తేమ పట్టి తుప్పు చుక్కలు వస్తాయి, వర్షాకాలంలో మరీను. బ్లేడుకి నూనె పూత, పెట్టెలో సిలికా జెల్ వేయమని ఆర్డర్‌లోనే రాయాలి. రాసినా 2 శాతం పోతుందని లెక్కలో పెడతాను. దాన్ని కలపడం కాదు, భాగించాలి: 100 తెప్పిస్తే అమ్మేవి 98 కాబట్టి ఖరీదుని 0.98తో భాగిస్తే బ్లేడ్ల సెట్టు రూ.111.29, తాపీ రూ.177.76.

తర్వాత డబ్బు. అడ్వాన్స్ ఇచ్చిన రోజు నుంచి తయారీకి నెల, ఓడకి, క్లియరెన్స్‌కి ఇంకో నెల దాకా, అమ్ముడుపోయి షాపువాళ్ల దగ్గర వసూలయ్యేసరికి ఇంకో రెండు మూడు నెలలు. సగటున మన డబ్బు 4 నెలలు సరుకులో ఉంటుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే 4 శాతం. సొంత డబ్బయినా సరే వేసుకోండి, ఆ డబ్బు ఇంకో సరుకులో పెట్టుంటే సంపాదించేదే కదా. బ్లేడ్ల సెట్టు రూ.116, తాపీ రూ.185 దగ్గర ఆగుతాయి. ఇవే మన అసలు ఖరీదులు. 86 రూపాయల డాలర్ వస్తువు మన గోడౌన్‌లో 116.

ఎక్సెల్‌లో ఒక్క లైనుతో ఇదంతా వస్తుంది:

```
=((B1*B2*(1+B3)+B4*B5+B6)/(1-B7))*(1+B8)
```

B1 డాలర్ ధర, B2 మీకు పడే డాలర్ రేటు, B3 విలువ మీద పడే ఖర్చుల శాతం (మన కేసులో 76,000ని 5,28,000తో భాగిస్తే 14.4 శాతం), B4 ఘనపు మీటరుకి కిరాయి ఖర్చు, B5 ఒక పీసు తినే ఘనపు మీటర్లు (పెట్టె కొలతల్ని అందులోని పీసులతో భాగిస్తే వస్తుంది, బ్లేడ్లకి 0.001, తాపీకి 0.003), B6 స్టిక్కరు, B7 నష్టం, B8 వడ్డీ. సప్లయర్ కొత్త ధర పంపిన నిమిషంలో B1 మార్చి చూసుకోవచ్చు.

ధర పెట్టడం

20 శాతం లాభం కావాలంటే చాలామంది 116కి 20 శాతం కలిపి 139 అంటారు. 139లో లాభం 23 రూపాయలు, అమ్మకం ధరలో అది పదహారున్నర శాతమే. మీ అద్దె, జీతాలు, సేల్స్‌మన్ ఖర్చు, షాపులకి ఇచ్చే స్కీములు అన్నీ అమ్మకాల్లో శాతంగా లెక్కేసుకుంటారు కాబట్టి లాభమూ అమ్మకం ధర మీదే చూడాలి. అంటే 116ని 0.80తో భాగించాలి: రూ.145. తాపీ 185ని భాగిస్తే రూ.231.25, రూ.232 పెడదాం. వీటి మీద 18 శాతం జీఎస్టీ వేసి షాపుకి బిల్లు.

ఎంఆర్‌పీకి వెనక నుంచి రావాలి. షాపువాడికి తన అమ్మకం మీద 25 శాతం మిగలాలంటే 145ని 0.75తో భాగిస్తే రూ.193.33, జీఎస్టీ కలిపితే రూ.228, ఎంఆర్‌పీ 230. తాపీ 232ని అలాగే చేస్తే రూ.365. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని పైన ఒక్క రూపాయీ అడగడానికి లేదు. పైగా స్టిక్కర్లు సరుకు రాకముందే అచ్చు వేయించాలి కాబట్టి ఈ లెక్క ముందే తేలాలి.

230 పెట్టాక వెళ్లి మార్కెట్లో చూడండి. అదే రకం సెట్టు మన దేశంలో తయారైనది 190కి దొరుకుతుంటే ఈ లెక్క మీకు చెప్తున్నది ఒక్కటే, ఈ వస్తువు తెప్పించొద్దని. అడ్వాన్స్ పంపకముందు తెలిస్తే దానివల్ల నష్టం ఏమీ లేదు.

డాలర్ కదిలితే

డాలర్ ఒక్క రూపాయి పెరిగితే మన 6,000 డాలర్ల సరుకు మీద రూ.6,000, ఆపైన కిరాయి, డ్యూటీ కలిపి సుమారు రూ.7,000 పెరుగుతుంది. అంటే ప్రతి డాలర్ సరుకు మీద రూ.1.16. బ్లేడ్ల సెట్టుకి రూ.1.16, తాపీకి రూ.1.74. మూడు రూపాయలు పెరిగిందంటే బ్లేడ్ల సెట్టు మీద మన 29 రూపాయల లాభంలో మూడున్నర పోయినట్టే.

దీనికి నేను చేసేది ఇది. ఆర్డర్ రోజు లెక్క వేసేటప్పుడు ఆ రోజు బ్యాంకు రేటుకి రూపాయిన్నర నుంచి రెండు రూపాయలు కలిపి వేస్తాను, 70 శాతం డబ్బు పంపేది ఇంకో నెల తర్వాత కాబట్టి. బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్టు తీసుకుని ఆ రోజు రేటు ఇప్పుడే ఖాయం చేసుకోవచ్చు, కానీ దానికి ప్రీమియం ఉంటుంది, బ్యాంకు లిమిట్ అడుగుతుంది. నాలుగైదు వేల డాలర్లకి ఆ తతంగం కంటే లెక్కలో రెండు రూపాయలు వేసుకోవడమే తేలిక. యాభై వేల డాలర్లు దాటితే మాత్రం తప్పకుండా బ్యాంకుతో మాట్లాడండి.

షాపులకి ఇచ్చే ధరల పట్టిక మీద "ఈ తేదీ దాకా" అని రాయండి. నేను 30 రోజులే ఇస్తాను. పాత సరుకు 88 రేటుకి వచ్చి ఇప్పుడు డాలర్ 91 అయితే, పాత ధరకే అమ్మేస్తే చేతికొచ్చిన డబ్బుతో మళ్లీ అంతే సరుకు కొనలేరు, ప్రతి లాట్‌కీ పీసులు తగ్గుతూ పోతాయి. అందుకే గోడౌన్‌లో సగం సరుకు మిగిలి ఉండగానే, కొత్త ఆర్డర్‌కి ఎంత పడుతుందో ఆ రేటుతో B2 మార్చి చూసి, ధర పెంచాలా అన్నది అప్పుడే నిర్ణయిస్తాను. ఎంఆర్‌పీ 230కి తగ్గట్టు షాపు ధరని కొంతవరకే పెంచగలం, అంతకు మించితే కొత్త లాట్‌కి కొత్త స్టిక్కర్ పడాల్సిందే.

సరుకు దిగాక మళ్లీ ఒకసారి

సరుకు గోడౌన్‌లోకి వచ్చాక అన్ని బిల్లులూ అందడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. అప్పుడు ఒకే షీటులో రెండు కాలమ్‌లు వేసి, ఆర్డర్ రోజు అనుకున్నది, నిజంగా అయినది పక్కపక్కన రాస్తాను. కొత్త లాట్‌లకి కొటేషన్ అడిగేటప్పుడు ముందు చూసేది ఈ షీటే. సీఎఫ్‌ఎస్ బిల్లులో కొటేషన్‌లో లేని పేరుతో లైను కనిపిస్తే ఫార్వర్డర్‌ని వెంటనే అడుగుతాను, నెల దాటితే ఎవరూ వెనక్కి ఇవ్వరు. పాడైన పీసులు 2 శాతం అనుకుంటే 3 వచ్చాయా, ఏ పెట్టెల్లో వచ్చాయి అన్నది ఫోటోలతో సహా సప్లయర్‌కి అదే వారంలో పంపితే వచ్చే ఆర్డర్‌లో తగ్గించి ఇస్తారు. పోయినసారి అలా పంపినందుకు 60 సెట్లు ఉచితంగా వేసి పంపారు, వాటి ఖరీదు మాకు కిరాయి, డ్యూటీ మాత్రమే. ఉచితమైనా ఇన్వాయిస్‌లో వాటి విలువ చూపించి డ్యూటీ కట్టాలి, లేకపోతే చెకింగ్‌లో పెట్టెల లెక్క తేడా వచ్చి మొత్తం సరుకు ఆగుతుంది.